ఫ్రిజ్‌లో ఏడో రోజు

ఇక్కడ రాత్రి పదిన్నర అయితే టెక్సాస్‌లో మిట్టమధ్యాహ్నం. అక్కడ ఎంఎస్ చదువుతూ యూనివర్సిటీ డైనింగ్ హాల్లో పార్ట్ టైమ్ చేస్తున్న మేనకోడలు షిఫ్ట్‌కి ముందు ఫోన్ చేసింది. వారంలో ఫుడ్ సేఫ్టీ పరీక్ష రాయాలట. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకు చాలా ఏళ్లు పాఠం చెప్పిన ఈ వ్యాసకర్త ఉండగా ఇంకెవర్ని అడుగుతుంది?

"మావయ్యా, ముక్కలు కోసిన టర్కీ ప్యాకెట్ 3వ తారీఖున తెరిచారు. కూలర్‌లో 5 డిగ్రీల్లో పెట్టారు. ఎప్పుడు పారేయాలి? ఏడు రోజులు కదా, 10 అని పెట్టా. తప్పంట."

"తెరిచిన రోజే మొదటి రోజమ్మా. 3, 4, 5, 6, 7, 8, 9. తొమ్మిదో తారీఖు రాత్రితో సరి."

"ఒక్క రోజుకే ఇంత పట్టింపా?"

ఈ ప్రశ్న పరీక్ష పేపర్లో ఉండదు. ఉండాల్సింది మాత్రం ఇదే. అమెరికా ఫుడ్ కోడ్‌లోని ఏడు రోజుల లెక్క ప్రధానంగా ఒకే ఒక్క బ్యాక్టీరియాను దృష్టిలో పెట్టుకుని కట్టింది. దాని పేరు లిస్టీరియా మోనోసైటోజెనెస్. తిండి ద్వారా జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో ఎక్కువ శాతం 5 డిగ్రీల కిందికి వచ్చేసరికి ఎదగడం మానేస్తాయి. లిస్టీరియా మానదు. దాదాపు సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ లేకపోయినా దానికి ఫరవాలేదు, అందుకే వ్యాక్యూమ్ ప్యాకింగ్ దాన్ని ఆపలేదు. నూటికి పది పాళ్లు ఉప్పున్నా తట్టుకుంటుంది.

పెరగడం అంటే ఎంత? పాలతో చేసిన ప్రయోగాల్లో 4 డిగ్రీల దగ్గర దాని సంఖ్య రెట్టింపు కావడానికి సుమారు ఒకటి నుంచి రెండు రోజులు పట్టింది. ఆహారాన్ని బట్టి ఇది మారుతుంది కాబట్టి లెక్క కోసం ఒకటిన్నర రోజు అనుకుందాం. ప్యాకెట్ తెరిచేటప్పుడు గ్రాముకు ఒక్కటే ఉందనుకుందాం. ఆరు రోజుల్లో నాలుగు సార్లు రెట్టింపయితే 16. పన్నెండు రోజులు ఉంచితే 256. రోజులు రెండింతలైతే సంఖ్య రెండింతలు కాలేదు, పదహారింతలైంది. తినడానికి సిద్ధంగా ఉన్న చాలా ఆహారాల్లో వాడుక గడువు ముగిసేదాకా గ్రాముకు 100 దాటకూడదని ఐరోపా నియమం. మొదటి ఆరు రోజుల్లో ఆ గీతకు ఎంతో దూరంలో ఉన్న ముక్క రెండో వారం ముగియకముందే దాన్ని దాటేసింది. ఒక్క రోజుకు పట్టింపు ఎందుకంటే, చివరి రోజు మొదటి రోజులాంటిది కాదు. అప్పటిదాకా పెరిగిందంతా ఆ రోజు మళ్లీ పెరుగుతుంది.

ఇప్పుడు కూలర్ 5 కాకుండా 8 డిగ్రీల్లో ఉందనుకుందాం. రెట్టింపయ్యే సమయం సగానికి పడిపోయిందన్నా, ఆ 256 ఆరు రోజులకే వచ్చేస్తుంది. లేబుల్ మీద తారీఖు సరిగ్గానే ఉంటుంది, కానీ దానికి అర్థం పోతుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. చాలా ఏళ్ల కిందట ఒక పెద్ద హోటల్ వంటగదిలో ఈ వ్యాసకర్త పిల్లలను ప్రాక్టికల్స్‌కి తీసుకెళ్లారు. వాక్-ఇన్ కూలర్ తలుపు మీద డిజిటల్ అంకె ఎర్రగా 4 చూపిస్తోంది. రిజిస్టర్‌లో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వరసగా 4, 4, 4 అని ఒకే దస్తూరీతో రాసి ఉంది. ఒక అమ్మాయి ఊరికే తన జేబు థర్మామీటర్ తీసి, తలుపు పక్క అరలో ఉన్న కోల్డ్ కట్స్ ట్రేలో రెండు ముక్కల మధ్య దోపింది. ముల్లు కాసేపు కదిలి 9 దగ్గర ఆగింది. తలుపు మీది అంకె వెనకాల ఫ్యాన్ దగ్గర గాలిని కొలుస్తోంది. బిజీ వేళల్లో నిమిషానికోసారి తెరిచే తలుపు దగ్గర ట్రే వేడెక్కుతోంది. ఆ అంకె అబద్ధం చెప్పలేదు, కొలవాల్సిన చోట కొలవలేదంతే. అప్పటి నుంచి ఈ వ్యాసకర్త క్లాసులో మొదటి పాఠం ఇదే: గాలిని కాదు, తిండిని కొలవండి. అదీ కూలర్‌లో అన్నిటికన్నా వెచ్చగా ఉండే చోట.

మేనకోడలి రెండో ప్రశ్న మొదటిదానికి తోబుట్టువే. 3న తెరిచిన అదే టర్కీని, 6న ఉడికించిన పాస్తాతో కలిపి సలాడ్ చేశారు. సలాడ్ గడువు ఎప్పుడు? 6 నుంచి లెక్క పెట్టి 12 అని రాసేవాళ్లే ఎక్కువ. కలిపినంత మాత్రాన టర్కీలో ఉన్నవి మళ్లీ ఒకటి నుంచి మొదలుకావు. పాత ముక్క గడువే సలాడ్ గడువు, అంటే 9.

మూడోది కొంచెం తిరకాసు. 1న వండిన చికెన్ నాలుగు రోజులు కూలర్‌లో ఉంది. 4న రాత్రి ఫ్రీజర్‌లో పెట్టారు. 20న బయటికి తీసి కూలర్‌లో కరగబెట్టారు. ఎప్పటిదాకా వాడొచ్చు? ఫ్రీజర్ లిస్టీరియాను చంపదు, నిద్రపుచ్చుతుంది. గడియారం ఆగుతుంది కానీ వెనక్కి తిరగదు. నాలుగు రోజులు ఖర్చయ్యాయి, మిగిలింది మూడు. 20, 21, 22. లేబుల్ మీద మూడు తారీఖులూ లేకపోతే ఈ లెక్క ఎవరికీ కుదరదు. ఫ్రీజర్‌లో పెట్టే ముందు పాత స్టిక్కర్ పీకేసి కొత్తది అంటించే అలవాటు చాలా వంటగదుల్లో ఉంది. చూడ్డానికి శుభ్రం, నిజానికి జరిగిందంతా చెరిపేయడమే.

"మావయ్యా, ఇంకోటి. గడువు దాటిన హ్యామ్ వాసన బాగానే ఉంది, రంగు మారలేదు. ఏం చేయాలి? పారేయాలి అనే పెట్టా, కానీ ఎందుకో తెలీదు."

వాసన తెచ్చేవి వేరే సూక్ష్మజీవులు. జబ్బు చేసే మోతాదులో లిస్టీరియా ఉన్నా ముక్క జిగురుగా మారకపోవచ్చు, పుల్లబడకపోవచ్చు. మన ఇళ్లలో ముక్కుతో చూసి తేల్చే పద్ధతి చద్దికూరకు చాలాసార్లు పనికొస్తుంది. ఇక్కడ పనికిరాదు.

అసలు ఉడికించిన మాంసంలోకి లిస్టీరియా ఎలా వస్తుందన్నది మేనకోడలికి పట్టుబడని సంగతి. ప్రశ్న న్యాయమైనదే. లిస్టీరియా వేడికి లొంగుతుంది. 70 డిగ్రీల్లో రెండు నిమిషాలుంటే పది లక్షల్లో ఒకటి మిగిలితే గొప్ప. అది వచ్చేది ఉడికిన తర్వాత, ప్యాకెట్‌లో పడే లోపల. 2008లో కెనడాలో మేపుల్ లీఫ్ సంస్థ టొరంటో ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన కోల్డ్ కట్స్ తిని 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది ముసలివాళ్లు, ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు. మాంసం సరిగ్గానే ఉడికింది. కానీ ముక్కలు కోసే పెద్ద స్లైసర్ల లోపలి భాగాల్లో, రోజువారీ కడుగుడు అందని సందుల్లో, మాంసపు తునకలు చేరి లిస్టీరియా స్థిరపడింది. ప్రతి ముక్కా అక్కడి నుంచే వెళ్లింది. ఆ ప్యాకెట్లు ఇంకెక్కడా పొయ్యి ఎక్కవు. రెడీ టు ఈట్ అనే మాటలోని ప్రమాదమంతా అక్కడే ఉంది: తినేవాడికీ బ్యాక్టీరియాకూ మధ్య ఇంక మంట లేదు.

అదే కారణంగా మన వంటల్లో చాలావాటికి ఈ భయం తక్కువ. ఆదివారం వండి ఫ్రిజ్‌లో పెట్టిన పప్పు బుధవారం కుతకుతా ఉడికేలా వేడి చేస్తే లిస్టీరియా బతకదు. ఆవకాయలో దాన్ని ఆపేది ఉప్పొక్కటే కాదు, పులుపు కూడా. పీహెచ్ 4.4 కిందికి దిగితే అది ఎదగలేదు. పెరుగుకు కూడా ఆ పులుపే రక్ష. కోసి డబ్బాలో పెట్టిన కర్బూజా ముక్కలకు ఆ పులుపు లేదు, మంటా లేదు. 2011లో అమెరికాలో కొలరాడోలోని ఒకే పొలం కర్బూజాల వల్ల 33 మంది పోయారు.

ఫ్రిజ్ చలి దీనికి అడ్డు కాదని ప్రపంచానికి చాటిన సంఘటన కెనడాలోనే, 1981లో, నోవా స్కోషియాలో జరిగింది. 41 మందికి జబ్బు చేసింది. ఆ కేసుల్లో 34 గర్భిణులకు, పుట్టబోయే లేదా అప్పుడే పుట్టిన బిడ్డలకు సంబంధించినవి. వెతికితే క్యాబేజీ సలాడ్ తేలింది. క్యాబేజీ పండించిన రైతు గొర్రెల ఎరువు వేశాడు. ఆ గొర్రెల్లో లిస్టీరియా జబ్బుతో చనిపోయినవి ఉన్నాయి. కోసిన క్యాబేజీని చలికాలమంతా చల్లటి కొట్టులో నిల్వ చేశారు. చల్లగా ఉంటే పాడవదని పెట్టిన చోటే అది తీరిగ్గా పెరిగింది. లిస్టీరియా తిండి ద్వారా మనుషులకు సోకుతుందని గట్టిగా రుజువైంది ఆ క్యాబేజీతోనే.

మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి అసలు విషయం బయటపెట్టింది. వాళ్ల షిఫ్ట్‌లో ఉండే తెలుగావిడకి ఇప్పుడు ఐదో నెల. పోయిన వారం కేఫ్‌లో ఒక టర్కీ శాండ్‌విచ్ తింది. ఆ బ్రాండ్ టర్కీని లిస్టీరియా అనుమానంతో వెనక్కి పిలిపిస్తున్నారని నిన్న తెలిసింది. ఒంట్లో బాగానే ఉంది. "వారమైంది కదా, ఇంక భయం లేనట్టేగా మావయ్యా?"

లేనట్టు కాదు. లిస్టీరియా లక్షణాలు చాలామందిలో ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య బయటపడతాయి, కొందరిలో 70 రోజుల దాకా పడుతుంది. తల్లికి ఫ్లూ లాంటి జ్వరం, ఒళ్లు నొప్పులు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. ముప్పు బిడ్డకు. డాక్టర్లు సాధారణంగా లక్షణాలు లేనివాళ్లకు మందులివ్వరు, పరీక్షలూ అక్కర్లేదంటారు. కానీ ఆ 70 రోజుల్లో జ్వరం వస్తే మామూలు జలుబని ఇంట్లో పడుకోకూడదు. వెంటనే వెళ్లి, ఫలానా రోజు ఫలానా శాండ్‌విచ్ తిన్నానని ముందే చెప్పాలి. అప్పుడు రక్తం కల్చర్‌కి పంపి, ఫలితం రాకముందే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఆ మందు పాతదే, యాంపిసిలిన్. వేళకు పడితే పనిచేస్తుంది.

"ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పమను. శాండ్‌విచ్ తిన్న తారీఖు ఎప్పుడో కనుక్కో."

"ఉండు మావయ్యా," అంది. అటు నుంచి డ్రాయర్ లాగిన చప్పుడు, మార్కర్ మూత తీసిన చప్పుడు వినిపించాయి. కూలర్ డబ్బాలకు అంటించే స్టిక్కర్ మీదే రాసుకుంటోంది. తిన్న రోజు ఒక గడిలో, అక్కడి నుంచి 70 రోజులు లెక్కపెట్టి రెండో గడిలో.