పదమూడో సెక్షన్ వెనుక కాగితాలు

సమాచార హక్కు చట్టం బేర్ యాక్ట్ ఈమధ్య అచ్చయిన ప్రతి ఒకటి తీసి 13వ సెక్షన్ చూడండి. కేంద్ర సమాచార కమిషనర్ పదవీకాలం ఎంత అంటే, కేంద్ర ప్రభుత్వం ఎంత నిర్ణయిస్తే అంత అని ఉంటుంది. జీతం సంగతీ అంతే. పదవీకాలం ఎన్నేళ్లో, జీతం ఎంతో చెప్పే అంకె అక్కడ దొరకదు. పేజీ అడుగున మాత్రం చీమతలంత అక్షరాల్లో ఒక ఫుట్‌నోట్: 2019 నాటి 24వ నంబరు చట్టం ద్వారా ఫలానా మాటల స్థానంలో ఈ మాటలు చేర్చారు, అమలు 24-10-2019 నుంచి. చదువరులు దాటేసి పోయే ఆ ఒక్క వాక్యంలో చట్టం నంబరు, సంవత్సరం, మార్పు ఏ రకం, ఏ తేదీ నుంచి అన్నవన్నీ ఉన్నాయి. శాసన చరిత్ర తవ్వేవాళ్లు పని మొదలుపెట్టేది అక్కడే. పుట్టుక నుంచి ఇవాళ్టికి కాకుండా, ఇవాళ్టి పాఠం నుంచి పుట్టుక దాకా నడిచి వెళ్లాలి.

ఆ నంబరు పట్టుకుని గెజిట్‌లో సవరణ చట్టాన్ని తీస్తే నిరాశే. ఫలానా సెక్షన్లో ఫలానా మాటలకు బదులు ఇవి పెట్టాలి అన్న ముక్క తప్ప కారణం కనిపించదు. కారణం ఉండేది చట్టంలో కాదు, అది బిల్లుగా ఉన్నప్పటి కాగితంలో. సభలో ప్రవేశపెట్టిన బిల్లు చివర ఉద్దేశాలు, కారణాల ప్రకటన ఉంటుంది. సవరణ బిల్లయితే మారబోయే పాత సెక్షన్ల పాఠాన్ని అనుబంధంగా అచ్చేస్తారు. బిల్లు చట్టమైన రోజున ఇవన్నీ ఊడిపోతాయి. అందుకే చట్టం ప్రతి దొరికింది కదా అని ఆగిపోకూడదు. ప్రవేశపెట్టినప్పటి బిల్లు, ఒక సభ ఆమోదించినప్పటి బిల్లు, రెండు సభలూ ఆమోదించినప్పటి బిల్లు, మూడూ వేర్వేరు పత్రాలు. సంసద్ వెబ్‌సైట్లో sansad.in దగ్గర, పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో వెతకాలి.

2019 జూలై 19న లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చెప్పుకున్న కారణం ఇది: ఎన్నికల సంఘం రాజ్యాంగం ద్వారా ఏర్పడిన సంస్థ, సమాచార కమిషన్ చట్టం ద్వారా ఏర్పడినది, రెండింటి పనులూ వేరు, కాబట్టి హోదాలూ జీతాలూ సమానంగా ఉండనక్కర్లేదు. అనుబంధంలో పాత 13వ సెక్షన్ ఉంది. అందులో ప్రధాన సమాచార కమిషనర్ జీతభత్యాలు ప్రధాన ఎన్నికల కమిషనర్‌తో సమానం, మిగతా కమిషనర్లవి ఎన్నికల కమిషనర్‌తో సమానం, పదవీకాలం ఐదేళ్లు. ఇక్కడ పరిశోధకుడికి రావలసిన ప్రశ్న ఒకటే. ఈ సమానత్వాన్ని 2005లో ఎవరు పెట్టారు, తెలిసి పెట్టారా, చూసుకోకుండా పెట్టారా?

దానికి జవాబు కావాలంటే ఇంకో పదిహేనేళ్లు వెనక్కి పోవాలి. 2004 డిసెంబర్‌లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సమాచార హక్కు బిల్లుకూ మనకు తెలిసిన చట్టానికీ చాలా దూరం ఉంది. ఆ బిల్లు కేంద్ర ప్రభుత్వానికీ దాని కిందున్న సంస్థలకూ మాత్రమే వర్తిస్తుంది, రాష్ట్రాల ఊసు లేదు. అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తహసీల్దార్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకునే వీలు ఆ పాఠంలో లేదు. కమిషన్లో ఉండేవాళ్లకు ఇచ్చిన హోదా కూడా ప్రభుత్వ సీనియర్ అధికారుల స్థాయిదే.

బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా తడబడతారు. బిల్లు లోక్‌సభలో పుట్టింది కనుక నివేదికను లోక్‌సభ కమిటీల జాబితాలో వెతుకుతారు, దొరకదు. సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయశాఖల స్థాయీ సంఘం రాజ్యసభ సచివాలయం కింద నడుస్తుంది. ఇరవై నాలుగు శాఖాపరమైన సంఘాల్లో ఎనిమిది రాజ్యసభవి. ఏ శాఖ ఎటు చెందుతుందో ముందే చూసుకుంటే ఒక పూట మిగులుతుంది. ఇ.ఎం. సుదర్శన నాచ్చియప్పన్ అధ్యక్షతన ఆ సంఘం 2005 మార్చిలో ఇచ్చిన మూడో నివేదిక మనకు కావలసినది.

నివేదికను ముగింపు నుంచి కాకుండా క్లాజుల వారీగా చదవాలి. ప్రతి క్లాజు కింద బిల్లు ఏమంటోంది, సాక్షులు ఏమన్నారు, సంఘం ఏం సిఫార్సు చేసింది అన్న వరస కనిపిస్తుంది. కమిషనర్ల హోదా దగ్గర సంఘం చెప్పిన మాట స్పష్టం: ఈ కమిషన్ పూర్తి స్వతంత్రంగా పనిచేయాలి, అందుకోసం ప్రధాన ఎన్నికల కమిషనర్, ఎన్నికల కమిషనర్ల హోదా ఇవ్వడం మంచిది. రాష్ట్రాలనూ చట్టం కిందికి తీసుకురమ్మన్నది కూడా ఈ సంఘమే. అంటే ఎన్నికల సంఘంతో పోలిక డ్రాఫ్టింగ్‌లో జరిగిన పొరపాటు కాదు, కారణం రాసి మరీ కోరినది. 2019 బిల్లు కారణాల ప్రకటన ఒక్కటే చదివినవాడికి ఈ సంగతి తెలిసే దారే లేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నవాడికి వాదం ఎక్కడ తెగిందో కనిపిస్తుంది. సంస్థ ఎలా పుట్టింది అన్నది 2019 ప్రశ్న. అధికారుల ఒత్తిడి నుంచి ఎలా తప్పించుకుంటుంది అన్నది 2005 ప్రశ్న. మొదటిదానికి జవాబు చెబితే రెండోదానికి చెప్పినట్టు కాదు.

నివేదికలో ఉన్న క్లాజు నంబరును పట్టుకుని చట్టంలో అదే నంబరు సెక్షన్ తీయవద్దు. రాష్ట్ర కమిషన్ల అధ్యాయం కొత్తగా వచ్చి చేరాక వరస మారింది. నంబర్లను వదిలేసి మాటలను వెంబడించాలి. పేరు దగ్గరా ఇదే చిక్కు: ప్రవేశపెట్టినప్పుడు అది 2004 బిల్లు, బయటికి వచ్చినప్పుడు 2005 చట్టం. చర్చల సూచికలో 2005 అని కొడితే ఖాళీ పేజీ వచ్చినా రావచ్చు.

బిల్లును 2005 మే 11న లోక్‌సభ, 12న రాజ్యసభ ఆమోదించాయి. ప్రభుత్వమే తెచ్చిన సవరణలు వందకు పైగా. నాటి సిబ్బంది వ్యవహారాల సహాయమంత్రి సురేష్ పచౌరీ ప్రసంగం, సవరణల పాఠం చర్చల సంపుటిలో ఉంటాయి. స్థాయీ సంఘం కోరింది కదా అని చట్టంలోకి వచ్చేయదు. ప్రభుత్వం అధికారిక సవరణ తేవాలి, సభ ఒప్పుకోవాలి. కాబట్టి సిఫార్సు పక్కనే సవరణను, దాని పక్కనే తుది సెక్షన్‌ను పెట్టుకుంటేనే గొలుసు పూర్తవుతుంది. మధ్యలో ఒక కొక్కెం లేకపోయినా "పార్లమెంటు ఉద్దేశం ఇదీ" అని రాయకూడదు.

సభలో అన్న మాటకూ చట్టంలోని మాటకూ మధ్య ఎంత తేడా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో విభజన బిల్లుపై ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన హామీల్లో ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ఒకటి. పోలవరం పునరావాసానికి అవసరమైతే ఇంకా సవరణలు తెస్తామన్నది మరొకటి. రెండో దానికి మేలో ఆర్డినెన్స్, జూలైలో సవరణ చట్టం వచ్చాయి, పునర్‌వ్యవస్థీకరణ చట్టం 3వ సెక్షనే మారింది. మొదటిది చర్చల సంపుటిలోనే ఉండిపోయింది. బేర్ యాక్ట్‌లో ఎంత వెతికినా ప్రత్యేక హోదా కనిపించదు.

ఇక తేదీలు. సమాచార హక్కు చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2005 జూన్ 15న వచ్చింది. అమలు అక్టోబర్ 12 నుంచి. ఎందుకంటే 1వ సెక్షన్ నూట ఇరవయ్యో రోజు అంది, జూన్ 15ను మొదటి రోజుగా లెక్కిస్తే సరిగ్గా అక్కడికి వస్తుంది. కమిషన్ల ఏర్పాటు, నిబంధనల తయారీ వంటి కొన్ని సెక్షన్లు మాత్రం వెంటనే అమలయ్యాయి. ఈ వివరం చాదస్తంగా అనిపించవచ్చు. కానీ అంతకుముందున్న 2002 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం కథ గుర్తు తెచ్చుకోండి. ఉభయ సభలూ ఆమోదించాయి, 2003 జనవరిలో రాష్ట్రపతి సంతకం పడింది, 2003 నాటి 5వ నంబరు చట్టంగా గెజిట్‌కెక్కింది. అమలు తేదీ ప్రకటించే నోటిఫికేషన్ మాత్రం ఏనాడూ రాలేదు. 2005 చట్టం దాన్ని రద్దు చేసేదాకా అది కాగితం మీదే ఉంది. ఆ పాత చట్టంలో ఫలానా హక్కు ఉండేది అని రాస్తే తప్పు కాకపోవచ్చు, జనం దాన్ని వాడుకున్నారు అని రాస్తే తప్పే.

2019కి తిరిగి వస్తే, ఆ బిల్లుకు కమిటీ నివేదిక లేదు. రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానం జూలై 25న 75-117 ఓట్లతో వీగిపోయింది. నివేదిక దొరకలేదంటే మనం సరిగా వెతకలేదేమో అన్న అనుమానం వస్తుంది. ఓటింగ్ రికార్డు ఉంటే అనుమానం తీరిపోతుంది, లేదు అని ధైర్యంగా రాయవచ్చు. మాయమైన అంకెలు అక్టోబర్ 24న వచ్చిన నిబంధనల్లో దొరుకుతాయి. పదవీకాలం మూడేళ్లు. ప్రధాన కమిషనర్ జీతం నెలకు 2,50,000, మిగతావారికి 2,25,000. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కమిషన్ల పదవీకాలం, జీతాలూ ఈ ఢిల్లీ నిబంధనల్లోనే ఉన్నాయి. అంటే రాష్ట్ర కమిషనర్ల సంగతి చెప్పే 16వ సెక్షన్ తెలియాలంటే బేర్ యాక్ట్ ఒక్కటీ చాలదు, గెజిట్‌లో నిబంధనలు అచ్చయ్యే రెండో భాగం మూడో సెక్షన్ కూడా తెరవాలి. పైగా సవరణలోనే ఒక మినహాయింపు ఉంది: అది అమలయ్యేలోగా నియమితులైనవాళ్లకు పాత షరతులే. ఒకే కమిషన్‌లో కొంతకాలం ఇద్దరు కమిషనర్లకు రెండు రకాల చట్టం నడిచిందన్న మాట.

ఇన్ని కాగితాలు కోర్టులో చెల్లుతాయా? స్థాయీ సంఘం నివేదికలను చట్టం అర్థం తేల్చడానికి సహాయంగా చూడవచ్చని 2018లో కల్పనా మెహతా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ నివేదిక తప్పా ఒప్పా అని మాత్రం కోర్టులో సవాలు చేయడానికి వీల్లేదు. సెక్షన్ మాటలు సూటిగా ఉన్నచోట వెనుక కాగితాలకు పని లేదు. 13వ సెక్షన్ ఇప్పుడు కేంద్రానికి అధికారం ఇస్తోందా అన్నదానిలో సందేహమే లేదు, 2005 నివేదిక దాన్ని మార్చలేదు. ఆ అధికారం దేన్ని తీసేసి వచ్చిందో మాత్రం చెబుతుంది.

సవరణ ఎప్పుడూ ఆ చట్టం పేరు పెట్టుకునే రాదు. వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8వ సెక్షన్ (1)(జె) క్లాజును మార్చింది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అందులోని 44వ సెక్షన్. సమాచార హక్కు సవరణ అని వెతికితే అది తగలదు. ఆ మార్పు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని ఎవరికీ నిరాకరించరాదన్న పాత మాట అక్కడి నుంచి తొలగిపోయింది. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో దొరికేది తాజా పాఠమే. 2010లోనో 2018లోనో కమిషన్లు, హైకోర్టులు ఇచ్చిన తీర్పులు ఆ పాత మాట మీద నిలబడి రాసినవి. వాటిని చదవాలంటే అప్పటి బేర్ యాక్ట్ చేతిలో ఉండాలి. కోఠి పుస్తకాల దుకాణాల్లో పాత ముద్రణలు సగం ధరకు దొరుకుతుంటాయి. కొనేముందు అట్ట మీది సంవత్సరం కాకుండా, లోపలి ఆఖరి ఫుట్‌నోట్ తేదీ చూసి కొనండి.