సీసా నిండేదాకా

అనంతపురం వైపు చీనీ తోటల్లో ఎండాకాలం తిరిగితే ఒక దృశ్యం తప్పకుండా కనబడుతుంది. మోటారు నడుస్తూనే ఉంటుంది, లాటరల్ పైపులు నిండుగానే ఉంటాయి, కానీ చివరి వరస చెట్లు మాత్రం వడలిపోయి ఉంటాయి. వంగి చూస్తే డ్రిప్పర్ నోటి చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. లోతు బోరు నీళ్లలో కరిగి వచ్చిన సున్నమే ఎండకి గట్టిపడి అలా పొర కడుతుంది. దీన్ని యాసిడ్‌తో ఎలా కడగాలో రైతుకి చూపించేందుకు ఒక వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో ఆరు నిమిషాల వీడియోకి రాసిన స్క్రిప్టు ఈమధ్య నా చేతికొచ్చింది. నాలుగు పేజీలే. ఎడమ పక్క కెమెరా చూడాల్సింది, కుడి పక్క చెవికి వినబడాల్సింది. నేను చదివిన విస్తరణ రాతల్లో ఇంత పనితనం ఉన్నది అరుదు.

మొదటి దృశ్యంలో నమస్కారాలు లేవు, పథకాల పేర్లు లేవు, ‘రైతు సోదరులారా’ అన్న పిలుపూ లేదు. వంద మిల్లీలీటర్ల ఖాళీ దగ్గుమందు సీసాని ఒక చెయ్యి డ్రిప్పర్ కింద పెడుతుంది. గంటకి నాలుగు లీటర్లిచ్చే డ్రిప్పర్ సరిగ్గా పనిచేస్తే ఆ సీసా తొంభై సెకన్లలో నిండుతుంది. తెర మీద సెకన్లు నడుస్తుంటాయి, తొంభై దాటుతుంది, సీసా సగమే నిండి ఉంటుంది. అప్పటిదాకా ఒక్క మాటా లేదు. తర్వాత రైతు గొంతు: ‘అక్కా, చూస్తివా, సగం నీళ్లే వస్తున్నాయి.’ ఏ ఇంట్లోనైనా దొరికే సీసాని కొలపాత్ర చెయ్యడం తెలివైన పని. మొదటి లాటరల్లో, నడిమి లాటరల్లో, చివరి లాటరల్లో ఇలాగే పట్టి చూడమంటుంది స్క్రిప్టు. తేడా తోటలో ఏ మూల ఉందో అప్పుడు తెలిసిపోతుంది.

రెండో దృశ్యం నాకు ఇంకా నచ్చింది. అన్ని మూసుకుపోవడాలూ సున్నం వల్ల రావు. పాచి పడితే జిగటగా ఉంటుంది, ఇనుము ఉంటే ఎర్రగా ఉంటుంది, ఒండ్రు గోకితే మెత్తగా రాలిపోతుంది. ఇదంతా వివరిస్తూ కూర్చోకుండా, గోకిన తెల్ల పొడి మీద ఒక్క చుక్క యాసిడ్ వేసి చూపిస్తారు. నురగ పొంగితే అది సున్నమే, ఈ వీడియో మీకే. పొంగకపోతే ‘ఇది మీ తోటకి పనికిరాదు, ఆఫీసుకి రండి’ అని ఇక్కడే చెప్పేస్తారు. చూసే మనిషిని ముందే వెనక్కి పంపగల ధైర్యం విస్తరణ వీడియోల్లో అంతగా కనబడదు.

తర్వాత వచ్చేది అసలు పని: ఎంత యాసిడ్ కావాలి? ప్రతి బోరు నీటికీ లెక్క వేరు. అందుకే స్క్రిప్టు ఒక అంకె చెప్పి వదిలెయ్యదు, అంకె రాబట్టుకునే పద్ధతిని చూపిస్తుంది. ప్లాస్టిక్ బకెట్లో పది లీటర్ల బోరు నీళ్లు పోస్తారు. సూది తీసేసిన సిరంజితో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్కో మిల్లీలీటరు వేసి, కట్టెతో కలిపి, రంగు మారే పీహెచ్ కాగితం ముంచుతారు. మొదటి నాలుగు సార్లూ కాగితం రంగు పెద్దగా మారదు. రైతు ఓపిక పోయేది ఇక్కడే, ఒకేసారి గుమ్మరించేదీ ఇక్కడే. నీళ్లలోని సున్నం ముందు యాసిడ్‌ని తినేస్తుంది, అది అయిపోగానే రంగు ఒక్కసారిగా దిగిపోతుంది. ఆ నాలుగు ముంపుల్నీ ఎడిటింగులో కత్తిరించొద్దని పక్కన రాసి ఉంది. ఐదో మిల్లీలీటరు తర్వాత సగం సగం వెయ్యమనీ ఉంది. ఆ తోటలో ఆరు మిల్లీలీటర్లకి కాగితం నారింజ రంగుకొచ్చింది, అంటే పీహెచ్ నాలుగు.

ఇక లెక్క. ఎకరంలో ఆరు మీటర్ల ఎడంలో సుమారు 112 చెట్లు, చెట్టుకి నాలుగు డ్రిప్పర్లు. మొత్తం కలిపి గంటకి దాదాపు 1800 లీటర్లు పారుతుంది. పావుగంటకి 450 లీటర్లు. లీటరుకి 0.6 మిల్లీలీటర్ల చొప్పున 270 మిల్లీలీటర్ల యాసిడ్. ఈ లెక్కని రైతు కూతురు నోటుబుక్కులో వేస్తుంటే కెమెరా ఆమె పెన్ను వెంటే నడుస్తుంది.

ఆ 270 మిల్లీలీటర్లు బకెట్లోకి పోసే దృశ్యాన్ని మూడుసార్లు తిరగరాశారు, కొట్టివేతలు కాగితం మీద అలాగే ఉన్నాయి. మొదటి రాతలో యాసిడ్ సీసా దగ్గరి షాటుతో మొదలై, ‘నీళ్లలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు’ అన్న మాట వెనకాల వినిపిస్తుంది. మార్జిన్లో ఎవరో రాశారు: ‘ఫోనులో శబ్దం తగ్గించి చూసేవాడికి ఏది ముందో తెలీదు.’ చివరి రాతలో ముందు బకెట్, అందులో పదిహేను లీటర్ల గీత దాకా నీళ్లు, ఆ గీత మీద వేలు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, ఆ తర్వాతే యాసిడ్ ధార. మాట తీసేసినా క్రమం తప్పదు. ఈ దృశ్యానికి పన్నెండు సెకన్లు కేటాయించారు, నా లెక్కలో వాటికి సాటి వచ్చేవి ఆ ఆరు నిమిషాల్లో లేవు. బ్లీచింగ్ పౌడర్ వాడిన బకెట్‌ని కడక్కుండా దీనికి వాడొద్దన్న మాటా ఇక్కడే వస్తుంది, ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి.

వెంచురీతో ఆ నీటిని పైపుల్లోకి లాగించేటప్పుడు మోటారు ఎప్పుడు ఆపాలి? పావుగంట అన్నది అంచనాయే, పైపు పొడవుని బట్టి మారుతుంది. అందుకే రైతు భార్య చివరి లాటరల్ చివరి డ్రిప్పర్ దగ్గర కూర్చుని చుక్క చుక్కకీ కాగితం పెడుతూ ఉంటుంది. అది నారింజ రంగుకి తిరగ్గానే చెయ్యెత్తుతుంది, అటు మోటారు ఆగుతుంది. మొత్తం స్క్రిప్టు బిగువంతా ఇందులోనే ఉంది. ప్రతి పనీ ఎప్పుడు పూర్తయిందో కంటికి కనబడే గుర్తు ఒకటి చూపిస్తుంది: సీసా నిండటం, నురగ పొంగడం, రంగు తిరగడం. గడియారం మీద ఆధారపడింది ఒక్కటే, యాసిడ్ నీళ్లు పైపుల్లో ఇరవైనాలుగు గంటలు కదలకుండా ఉండాలన్నది. దాన్ని కూడా చెట్టు నీడ తిరిగి మళ్లీ అదే రాయి మీదకి రావడంతో చూపించారు.

మర్నాడు ముందు సబ్‌మెయిన్ చివర తెరుస్తారు, తర్వాత ఒక్కో లాటరల్ చివరనున్న ఎనిమిది అంకె క్లిప్పు తీస్తారు. మొదట తెల్లగా మజ్జిగలాంటి నీళ్లు, కాసేపటికి తేట నీళ్లు. తేటపడ్డాకే క్లిప్పు మళ్లీ పెట్టాలి. అన్ని లాటరళ్లూ ఒకేసారి విప్పితే ఒత్తిడి చాలక మడ్డి కదలదు కాబట్టి, కొన్ని కొన్నిగా విప్పాలన్న మాట ఒక్క వాక్యంలో చెప్పి వదిలారు. నాకైతే దానికింకో షాటు ఉండాల్సింది అనిపించింది.

చివరి దృశ్యంలో మొదటి సీసాయే, మొదటి డ్రిప్పరే. దర్శకుడి కోసం ఎడమ పక్క రాసిన సూచన ఇది: ‘సీసా నూరు సెకన్లకి నిండితే నూరే చూపించండి. తొంభై వచ్చేదాకా మళ్లీ మళ్లీ తియ్యకండి. నిండని డ్రిప్పర్ ఉంటే దాన్ని పీకి కొత్తది పెట్టడం కూడా చూపించండి.’ వీడియోలో సీసా తొంభై ఎనిమిది సెకన్లకి నిండింది.