రాలేదు, రాలేకపోయాను

చిలమత్తూరు నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి రెండు గంటల్లో యలహంక వైపు చేరుకోవచ్చు. మా వైపు పిల్లలకు ఈ దగ్గరితనమే పెద్ద చిక్కు. అమెరికాలో ఉన్నవాడు పెండ్లికి రాకపోతే ఎవరూ ఏమీ అనరు. వాడు ఫోన్లో కనబడి చేయి ఊపితే చాలు, ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. యలహంకలో ఉన్నవాడు రాకపోతే మాత్రం "ఏమప్పా, రెండు గంటల దారి కూడా దూరమైపాయనా?" అని అడుగుతారు. క్షమాపణ ఉత్తరం రాయడం ఎక్కువ అవసరమయ్యేది దగ్గర ఉన్నవాళ్లకే.

ఆ అవసరం నాకూ పడింది. మా చిన్నాయన చిలమత్తూరులో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం గురువారం తెల్లవారుజామున. చిన్నాయన, చిన్నమ్మ మా ఇంటికి వచ్చి బొట్టు పెట్టి మరీ పిలిచిపోయారు. నేను వెళ్లలేదు. సెలవు ముందుగా అడగడం మరిచిపోయాను. అడిగేనాటికి ఆ వారం నా బదులు పని చూసేవాళ్లు లేకపోయారు. ఇదీ నిజం. శుక్రవారం రాత్రి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

మొదట రాసింది చూడండి: "అనివార్య కారణాల వల్ల తమరి గృహప్రవేశమునకు హాజరు కావడం కుదరలేదు. అందుకు చింతిస్తున్నాను." రాశాక చదువుకుంటే రైల్వేస్టేషన్ మైకులో బండి ఆలస్యం గురించి చెప్పినట్టు వినిపించింది. అసౌకర్యానికి చింతించేది సంస్థ. చిన్నాయనకు కొడుకులాంటివాడు చింతించకూడదు, మన్నించమని అడగాలి.

ఆ వాక్యంలో అసలు దోషం క్రియలో ఉంది. ఇంటికి రానివాడు చెప్పుకోవడానికి తెలుగులో మూడు మెట్లున్నాయి. "కుదరలేదు", "వీలు పడలేదు" అన్నప్పుడు వాక్యంలో మనిషే ఉండడు. కుదరనిది కాలం, పడనిది వీలు, తప్పు ఎవరిదీ కాదు. "రాలేకపోయాను" అన్నప్పుడు మనిషి ఉంటాడు గానీ అతని చేతులు కట్టేసి ఉంటాయి. రావాలని ఉంది, శక్తి చాలలేదు అని దాని భావం. "రాలేదు" అన్నప్పుడు మాత్రం పని, చేసినవాడు ఎదురెదురుగా నిలబడతారు. జ్వరం వచ్చినవాడు "రాలేకపోయాను" అంటే అది నిజం. సెలవు అడగడం మరిచినవాడు అదే మాట అంటే అందులో ఒక చిన్న అబద్ధం దాక్కుంటుంది. వినేవాళ్లు దాన్ని వెంటనే పట్టేస్తారు, పైకి అనరంతే. కాబట్టి ముందు మన కారణం ఎలాంటిదో తేల్చుకుని, ఆ తర్వాత క్రియను ఎంచుకోవాలి.

ఇక అడిగే మాట. "క్షమించండి" బరువైన మాట. పెద్ద తప్పుకు, పెద్దవాళ్ల ముందు వాడేది. "మన్నించండి"లో మన్నన కూడా ఉంది. ఎదుటివాళ్ల పెద్దరికాన్ని ఒప్పుకుంటూ అడగడం అది. బంధువుల ఇంటి శుభకార్యానికి ఇదే సరిగ్గా అతుకుతుంది. "ఏమనుకోవద్దు" సమానులకూ చిన్నవాళ్లకూ పనికొస్తుంది. పెద్దవాళ్లు చిన్నవాళ్లను క్షమాపణ అడగడం మనలో లేదు. పెద్దలు చేతులు జోడిస్తే చిన్నవాళ్లకు ఆయుక్షీణమని నమ్మకం. అందుకే ఒక తాత మనవరాలి పెండ్లికి వెళ్లలేకపోతే "ఏమనుకోవద్దు తల్లీ" అని ఒక మాట రాసి, వెంటనే ఆశీర్వచనాల్లోకి వెళ్లిపోతాడు. ఆ ఆశీర్వచనంలోనే క్షమాపణ ఇమిడిపోతుంది.

ఈ "మన్నించి" అనే మాట శుభలేఖలోనే ఉంటుందని గమనించారా? స్వయంగా వచ్చి పిలవలేకపోయినందుకు మన్నించి, దీన్నే మా పిలుపుగా భావించి బంధుమిత్ర సపరివారంగా రావాలని చాలా శుభలేఖల అడుగున అచ్చువేస్తారు. అంటే పిలిచేవాళ్లే ముందుగా మన్నింపు అడుగుతున్నారు. కాగితం మాత్రమే అందుకున్నవాడు రాకపోతే ఒక ఫోన్ చేసినా లెక్క సరిపోతుంది. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిచిన వాళ్ల దగ్గర ఆ లెక్క చెల్లదు. వాళ్లు తమ వంతు పూర్తిగా చేశారు కాబట్టి రానివాడి వంతు ఉత్తరంతో మొదలై, మనిషి వెళ్లి కనబడేదాకా సాగాలి. క్షమాపణ ఎంత ఉండాలన్నది పిలుపు ఎలా జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

పాత ఉత్తరాల పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. "మహారాజశ్రీ చిన్నాయనగారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి, "ఉభయకుశలోపరి" అని ఒక్క మాటలో రెండిళ్ల క్షేమం ముగించి విషయంలోకి దిగేవాళ్లు. ఉభయకుశలోపరి అంటే ఇరువైపుల క్షేమం అయ్యాక అని. ఈ చిన్న వాకిలి ఎందుకంటే, శుభం జరిగిన ఇంటికి వెళ్లే కాగితం రోగంతోనో కష్టంతోనో మొదలు కాకూడదు. ఈ రోజుల్లో అంత పొడవు పిలుపు అక్కర్లేదు గానీ, వరుస, నమస్కారం, క్షేమం అనే ఆ క్రమం ఇప్పటికీ పని చేస్తుంది.

రెండో ప్రయత్నంలో నేను రాసింది ఇది:

"చిన్నాయనకు, చిన్నమ్మకు నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. గురువారం గృహప్రవేశానికి నేను రాలేదు, మన్నించండి. సెలవు ముందుగా అడగకపోవడం నా పొరపాటు. మీరు ఇంటికి వచ్చి పిలిచినా రాకపోవడం నాకే బాగలేదు. పాలు తూర్పు వైపు పొంగినాయని, అన్న వాకిట్లో నిలబడి అందరినీ లోపలికి పిలిచినాడని అమ్మ చెప్పింది. వచ్చే శనివారం మేమిద్దరం వస్తాము. ఆ రోజు ఇల్లంతా నువ్వే తిప్పి చూపించాల చిన్నాయనా. ఇట్లు, మీ కొడుకు."

ఇందులో తప్పు ఒక్క వాక్యం, కారణం ఒక్క వాక్యం. కారణాలు రెండయితే రెండూ చెడతాయి. ఆఫీసు పని అన్నవాడు పక్కనే పాపకు దగ్గు అని కూడా రాస్తే, ఏది నిజమో అని చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. పాలు పొంగిన మాట, అన్న వాకిట్లో నిలబడిన మాట అలంకారానికి పెట్టినవి కావు. రానివాడు ఆ రోజు ఏం జరిగిందో కనుక్కున్నాడని అవి చెబుతాయి. "ఎంతో బాగా జరిగిందని విన్నాను" అని ఎవరైనా రాయగలరు. పాలు ఎటు పొంగినాయో రాయాలంటే ఎవరినైనా అడగాలి. చివరగా రోజు చెప్పాలి. "వీలు చూసుకుని వస్తాను" అంటే రానని అర్థం. శనివారం అంటే శనివారమే.

అతి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం కష్టమేమీ కాదు. "మీ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు", "నాలాంటి పాపి ఉండడు" అని రాస్తే చిన్నమ్మ ఫోన్ చేసి "ఊరికే ఉండప్పా, ఏం కాలేదులే" అని నన్నే ఓదార్చాలి. నొచ్చుకున్నది వాళ్లు, ఓదార్పు నాకు. ఉత్తరం చదివినవాళ్లకు మన్నించడం తప్ప వేరే పని మిగలకూడదు. "మీ మనసు నొచ్చుకుని ఉంటే" అన్న మాట దానికి తిరగేసిన తప్పు. నొచ్చుకున్నారో లేదో తేల్చడం వాళ్ల మీద పెట్టి, తప్పు జరిగిందో లేదో తేలకుండా తప్పుకుంటుంది. ఒకటి వినయం ఎక్కువైన పొరపాటు, ఇంకొకటి ధైర్యం తక్కువైన పొరపాటు.

ఇక ఇంగ్లీషు ఉత్తరం. అదెందుకంటే, ఆ ఇల్లు చిన్నాయనది మాత్రమే కాదు, ఆయన కొడుకూ కోడలూ అయిన మా అన్నావదినలది కూడా. వదిన పుట్టిల్లు బాగేపల్లి. చెక్‌పోస్టు దాటితే ఇంట్లో మాట తెలుగే, బడిలో మాత్రం కన్నడం. వదిన తెలుగు నాకంటే చక్కగా మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరాలు చదవలేదు. కన్నడం నేను రాయలేను. ఇద్దరికీ వచ్చిన రాత ఇంగ్లీషు ఒక్కటే. సరిహద్దు కుటుంబాల్లో ఇది మామూలే. పెద్దలకు తెలుగులో, తరువాతివాళ్లకు ఇంగ్లీషులో ఒకే క్షమాపణ రెండుసార్లు రాయాల్సి వస్తుంది.

అక్కడా మొదట తప్పు దారే పట్టాను. ఇంగ్లీషు అనగానే చేతికి వచ్చేది బడిలో నేర్చిన లీవ్ లెటరే. "యాజ్ ఐ వాజ్ బిజీ విత్ ఆఫీస్ వర్క్, ఐ కుడ్ నాట్ అటెండ్. కైండ్లీ ఎక్స్‌క్యూజ్ మీ." హెడ్మాస్టరుకు రాసినట్టుంది. "అటెండ్" అన్నది మీటింగులకు. "బిజీ" అంటే మీ పనికన్నా నా పని పెద్దదని చెప్పినట్టే. తెలుగులో "తీరిక లేదు" ఎంత గుచ్చుతుందో ఇంగ్లీషులో ఇదీ అంతే. చివరికి పంపింది ఇది. పలికినట్టు తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను:

"డియర్ వదినా, ఐ మిస్డ్ ద గృహప్రవేశం ఆన్ థర్స్‌డే, అండ్ ఐ యామ్ సారీ. ఐ డిడ్ నాట్ ఆస్క్ ఫర్ లీవ్ ఇన్ టైమ్. దట్ వాజ్ మై మిస్టేక్. అమ్మ టోల్డ్ మీ దట్ యు సర్వ్‌డ్ ఓళిగలు టు ద హోల్ స్ట్రీట్. వీ ఆర్ కమింగ్ నెక్స్ట్ సాటర్డే."

"వదిన"ను ఇంగ్లీషులోకి మార్చలేదు. సిస్టర్ అన్నా, పేరు పెట్టి పిలిచినా వరుస పోతుంది. ఇంగ్లీషులో మీరు, నువ్వు తేడా లేదు కాబట్టి గౌరవం నిలిపేది వరుస ఒక్కటే. "అపాలజైజ్" వాడలేదు. అది కంపెనీలు గిరాకీలకు రాసే మాట, వదినకు "సారీ" చాలు. తెలుగు ఉత్తరంలో ఉన్న నమస్కారాలు, క్షేమం ఇక్కడ లేవు. ఇంగ్లీషులో వాటిని మాటకు మాట దించితే ఎబ్బెట్టుగా ఉంటాయి. రెండింట్లో మారకూడనివి మూడే: తప్పు, కారణం, వచ్చే రోజు. అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. పెద్దాయనకు జ్వరమని, కోడలికి ఆఫీసని రాసినవాడు అక్కడే దొరికిపోతాడు.

ఈ ఉత్తరం పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. ఇంట్లో మైల ఉన్నవాళ్లు శుభకార్యానికి రాకూడదన్నది ఆచారమే. వాళ్లు క్షమాపణ అడగనక్కర్లేదు, ఆ కబురు ముందే అందితే చాలు. పిల్ల పెండ్లిలో మేనమామ రాకపోతే ఉత్తరం చాలదు. అతను చేయాల్సిన పని ఉంది, తన బదులు ఎవరు నిలబడతారో ముందే చెప్పి ఒప్పించాలి. చావుకు పోనివాడికి ఏ ఉత్తరమూ పనికిరాదు. పిలవకుండానే పోవాల్సిన చోటు అది. కర్మ రోజుకైనా వెళ్లి ఎదురుగా కూర్చోవాలి.

శనివారం ఉదయం బస్సులో కొడికొండ దగ్గర దిగి ఆటోలో ఊరికి పోయాము. చిన్నాయన ఉత్తరం సంగతి ఎత్తలేదు. ఇల్లంతా తిప్పి చూపించాడు, పొయ్యి ఎక్కడ పెట్టి పాలు పొంగించారో కూడా చూపించాడు. మీరు కూడా ఎవరి ఇంటి శుభకార్యానికైనా వెళ్లకపోయి ఉంటే, వారం దాటకముందే ఉత్తరం రాయండి. పెండ్లి అయితే పదహారు రోజుల పండుగ లోపలే వెళ్లి రండి.