అప్పీలు ఉత్తరంలో తేదీలు, లెక్కలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లిన విద్యార్థికి ‘అకడమిక్ సస్పెన్షన్’ ఉత్తర్వు వచ్చిందంటే, ఇంటివాళ్లు అదేదో తప్పుచేసినందుకు పడిన శిక్ష అనుకుని బెంగపడతారు గానీ, అది గ్రేడ్ల సగటు నిర్ణీత స్థాయికి దిగువన ఉండిపోయినందున కొంతకాలం చదువు ఆపమనే ఉత్తర్వు మాత్రమే. ఆ సగటును జీపీఏ అంటారు. ఏ గ్రేడుకు నాలుగు, బీకి మూడు, సీకి రెండు, ఎఫ్‌కు సున్నా చొప్పున పాయింట్లు వేసి, ఆ కోర్సుకున్న క్రెడిట్లతో హెచ్చించి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే వచ్చే ఆ సంఖ్య పీజీ విద్యార్థికి 3.0కు తగ్గకూడదన్నది అక్కడ చాలా విశ్వవిద్యాలయాల నియమం. తగ్గిన విద్యార్థిని ముందు ‘ప్రొబేషన్’లో, అంటే కోలుకోవడానికిచ్చే గడువులో ఉంచి, అప్పటికీ సగటు పెరగకపోతే సస్పెండ్ చేస్తారు. ఇంట్లో మరణం వంటి కారణముంటే ఆ ఉత్తర్వుపై అప్పీలు చేసుకునే వీలుంటుంది, కాకపోతే గడువు తరచుగా రోజుల్లోనే ఉంటుంది.

ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి వెళ్లినవారికి అలవాటైన పద్ధతి వేరు. జేఎన్టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి, 65కూ 75కూ మధ్య ఉంటే తగిన ఆధారం చూపి, రుసుము కట్టి ‘కండొనేషన్’, అంటే ఆ లోటుకు మన్నింపు పొందవచ్చు, అంతకన్నా తగ్గితే డిటెన్షన్ తప్పదు. ఆ మన్నింపు కోసం రాసే దరఖాస్తులో కారణం ఒక్క వాక్యం, మిగిలినదంతా వేడికోలు. అదే అలవాటుతో అప్పీలును పరిశీలించే అమెరికా కమిటీకి రాసిన ఉత్తరాల్లో తండ్రి పోయారన్న సంగతి ఒక వరుసలో ముగిసిపోయి, కుటుంబం చేసిన అప్పు, తల్లి ఆశలు, ఒక్క అవకాశం ఇవ్వమన్న ప్రార్థన పేజీ నిండా పరుచుకుంటాయి. అవన్నీ నిజమే, వాటి బరువు ఆ ఇంటికే తెలుసు. అయినా కమిటీ తేల్చుకోవలసిన ప్రశ్నలు రెండే: గ్రేడ్లు పడిపోవడానికి ఆ మరణమే కారణమా, ఆ కారణం ఇప్పుడు తొలగిందా.

కోదాడకు చెందిన ఒక విద్యార్థిని ఊహించుకుని ఈ రెండింటినీ పరిశీలించవచ్చు. ఆగస్టులో మొదలైన తొలి సెమిస్టర్‌లో మూడేసి క్రెడిట్ల మూడు కోర్సుల్లో ఒక ఏ, రెండు బీలు వచ్చాయి, సగటు 3.33. రెండో సెమిస్టర్ నడుమ, ఫిబ్రవరి 12న, తండ్రి హైదరాబాద్ ఆసుపత్రిలో మరణించగా, విద్యార్థి ఇంటికి వచ్చి పెద్దకర్మ ముగిశాక మార్చి 4న తిరిగి వెళ్లాడు. ఆ మూడు వారాల్లో ఒక కోర్సు మిడ్‌టర్మ్ తప్పిపోయి సీ వచ్చింది, మరో కోర్సులో బృందంతో చేయవలసిన ప్రాజెక్టు చెయ్యిజారి ఎఫ్ వచ్చింది, మూడోదాంట్లో మాత్రం బీ నిలిచింది, మొత్తం సగటు 2.5కు దిగింది. ప్రొబేషన్‌లో చదివిన మూడో సెమిస్టర్‌లో మూడూ బీలే వచ్చినా మొత్తం సగటు 2.67 దగ్గరే ఆగినందున సస్పెన్షన్ వచ్చింది.

ఇక్కడ ఉత్తరానికి బలమిచ్చే విషయం విద్యార్థి కంటికి సాధారణంగా ఆనదు. మూడో సెమిస్టర్‌ను విడిగా చూస్తే దాని సగటు సరిగ్గా 3.0, అంటే అతడు అప్పటికే కోలుకున్నాడు, మొత్తం సగటును కిందికి లాగుతున్నది ఫిబ్రవరిలో దెబ్బతిన్న రెండు కోర్సులే. “మా నాన్నగారి మరణంతో చాలా కుంగిపోయి చదవలేకపోయాను” అనే వాక్యం స్థానంలో “మిడ్‌టర్మ్ జరిగిన రోజున నేను కోదాడలో కర్మకాండలో ఉన్నాను, పెద్ద కొడుకుగా పదమూడు రోజులు ఇల్లు కదలకూడని ఆచారం మాది” అని రాస్తే, ఆ ఆచారం ఎరుగని కమిటీ సభ్యుడికి కూడా గైర్హాజరుకూ గ్రేడుకూ ఉన్న ముడి కళ్లకు కడుతుంది.

భవిష్యత్తు గురించి చేసే వాగ్దానంలోనే చాలా ఉత్తరాలు దెబ్బతింటాయి. 27 క్రెడిట్లకు 72 పాయింట్లున్న ఈ విద్యార్థి, వచ్చే సెమిస్టర్‌లో అన్నీ ఏలు తెచ్చుకుంటానని రాస్తే, లెక్కప్రకారం 36 క్రెడిట్లకు 108 పాయింట్లై సగటు 3.0కు చేరుతుంది నిజమే, కానీ ఇప్పటివరకు ఒక్క ఏ మాత్రమే తెచ్చుకున్నవాడు మూడు ఏలు తెస్తానంటే కమిటీ నమ్మదు. ఎఫ్ వచ్చిన కోర్సునే మళ్లీ చదివి బీ తెచ్చుకుంటే, పాత గ్రేడు స్థానంలో కొత్తది వేసే విశ్వవిద్యాలయంలో 27 క్రెడిట్లకే 81 పాయింట్లై సగటు వెంటనే 3.0 అవుతుంది. ఇది అతడు మూడో సెమిస్టర్‌లో చేసి చూపిన పనే. అయితే పాత గ్రేడును కొట్టివేయకుండా రెండింటినీ కలిపే నియమం ఉన్నచోట అదే బీతో 30 క్రెడిట్లకు 81 పాయింట్లై సగటు 2.7 దగ్గరే నిలుస్తుంది గనుక, ఆ నియమమేదో క్యాటలాగ్‌లో చూసుకోకుండా ఉత్తరంలో ఈ పేరా రాయకూడదు.

ఆధారపత్రాల విషయంలో మన జిల్లాలవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మరణాన్ని నమోదు చేసేది అది సంభవించిన చోటే గనుక, కోదాడ వాసి హైదరాబాద్‌లో కన్నుమూస్తే ధ్రువపత్రం కోదాడ మున్సిపాలిటీ నుంచి కాక అక్కడి నగరపాలక సంస్థ నుంచి వస్తుంది. పాస్‌పోర్టులో విద్యార్థి ఇంటిపేరు పూర్తిగానూ, ధ్రువపత్రంలో తండ్రి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగానూ ఉంటే, ఇద్దరూ ఒకే కుటుంబమని తెలిసే దారి కమిటీకి ఉండదు. తండ్రి పేరు అచ్చయిన పాస్‌పోర్టు చివరి పేజీని జతచేసి, ఊరు, పేరు ఎందుకు వేరుగా కనిపిస్తున్నాయో ఉత్తరంలో రెండు వాక్యాల్లో చెబితే ఆ అనుమానం తీరుతుంది. రానుపోను బోర్డింగ్ పాసులు తేదీలకు సాక్ష్యమిస్తాయి.

రాయడానికి అన్నిటికన్నా కష్టమైనది, అప్పుడే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు. చదువు చెడుతుందని తండ్రి జబ్బు సంగతిని ఇంటివాళ్లు కొడుకు దగ్గర దాచడం, అంతా అయ్యాక కొడుకు తన బాధను ప్రొఫెసర్ల దగ్గర దాచడం మన ఇళ్లలో ప్రేమ పేరుతోనే జరుగుతాయి. ప్రొఫెసర్‌కు ఆనాడే ఒక ఈమెయిల్ పంపివుంటే ‘ఇన్‌కంప్లీట్’, అంటే మిగిలిన పనిని తర్వాత పూర్తిచేసే వెసులుబాటు దొరికి ఉండేదేమో. అడగకపోవడానికి కారణాన్ని దాచకుండా రాసి, ఇప్పుడు విశ్వవిద్యాలయ కౌన్సెలర్‌ను ఎన్నాళ్లుగా కలుస్తున్నాడో ఆ తేదీలతో చేర్చితే, కారణం తొలగిందా అన్న ప్రశ్నకు అదే జవాబవుతుంది.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాడికి గడువు ఇంకోవైపు నుంచి కూడా తరుముతుంది. సస్పెన్షన్ అమలైతే విదేశీ విద్యార్థుల వివరాలుండే ‘సేవిస్’ రికార్డు రద్దుకావచ్చు గనుక, అప్పీలు పంపిన రోజే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయ అధికారిని కలిసి, నిర్ణయం వచ్చేలోగా తన రికార్డు ఏమవుతుందో అడగాలి. వైద్య కారణంతో కోర్సులు తగ్గించుకోవడానికి వీసా నియమాలు అనుమతిస్తాయి గానీ, అందుకు మరణం ఒక్కటే చాలదు, దాని వల్ల కలిగిన కుంగుబాటును వైద్యుడో క్లినికల్ సైకాలజిస్టో రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, అధికారి అనుమతి ముందే రావాలి. అప్పీలు గెలిచి మళ్లీ చేరే విద్యార్థి కొత్త సెమిస్టర్‌కు మూడు కోర్సులు తీసుకోవాలా, రెండు తీసుకోవాలా అన్నది ఆ వైద్య ధ్రువపత్రం మీదే ఆధారపడుతుంది.