ఒక మరణం, రెండు కథనాలు

భీమవరంలో అల్లూరి సీతారామరాజు పేరు తెలియని పిల్లవాడు లేడు. ఆయన పూర్వీకుల ఊరు మోగల్లు పక్కనే ఉంది. 2022 జులై 4న పట్టణంలో ఆవిష్కరించిన ముప్పై అడుగుల కంచు విగ్రహమూ ఉంది. అందుకే రెండు గద్యభాగాలు ఇచ్చి రచయితల దృక్పథాల్లో తేడా అడిగే ప్రశ్నను ఆయన కథతో నేర్పడం ఇక్కడ సులువు, ప్రమాదం కూడా. అభిమానం ముందే జవాబు రాసేస్తుంది.

అభ్యాసం కోసం నేనే రెండు పేరాలు రాశాను. మొదటిది ఆనాటి సర్కారు వాదన, రెండోది మన జనం చెప్పుకునేది.

"1922 ఆగస్టులో ఒక ముఠా గూడెం కొండల్లోని మూడు ఠాణాల మీద పడి తుపాకులు దోచింది. రాజు అనే వ్యక్తి మహిమల పేరుతో అమాయక కొండవాళ్లను లోబరుచుకున్నాడు. ప్రత్యేక దళాలను రప్పించవలసి వచ్చింది. 1924 మే 7న పట్టుబడ్డ రాజు తప్పించుకోబోగా కాల్పుల్లో మరణించాడు."

"పోడు కొడితే నేరం. రోడ్డు పనికి రమ్మంటే వెళ్లి తీరాలి, కూలి మాత్రం దక్కదు. విసిగిన గిరిజనులు రాజు వెంట నడిచారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో తుపాకులు తీసుకున్నారు. 1924 మే 7న చేతికి చిక్కిన రాజును విచారణ లేకుండా చెట్టుకు కట్టి కాల్చి చంపారు."

ముందు ఇద్దరూ ఒప్పుకునేవి గీత గీసుకోవాలి. 1922 ఆగస్టు, మూడు స్టేషన్లు, తుపాకులు, 1924 మే 7, తూటాతో మరణం. ఈ జాబితా లేకుండా తేడాల్లోకి దిగితే, ఒకరు చెప్పి మరొకరు వదిలేసిన విషయాన్ని కూడా విరుద్ధమని రాసేస్తాం. పోడు సంగతి మొదటి పేరాలో లేదు. ఆ రచయిత దాన్ని కాదనలేదు, ఎత్తలేదు. కాదనడం వేరు, ఎత్తకపోవడం వేరు. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

తర్వాత కథ ఎక్కడ మొదలైందో చూడాలి. మొదటివాడు దాడితో మొదలుపెట్టాడు కనుక కారణం కనబడదు. కారణం స్థానంలో "మహిమలు" వచ్చి కూర్చున్నాయి. రెండోవాడు పోడుతో, కూలితో మొదలుపెట్టాడు కనుక దాడి జవాబులా కనిపిస్తుంది. ఇద్దరూ అబద్ధమాడనక్కర్లేదు, ఎత్తుగడే సగం పని చేసేస్తుంది.

ఇక క్రియలు. "కాల్పుల్లో మరణించాడు" అన్నచోట కాల్చిందెవరో లేదు. "కాల్చి చంపారు" అన్నచోట కర్త పేరు చెప్పకపోయినా, చంపినవాళ్లు ఉన్నారని క్రియే చెబుతోంది. అయితే కొండవాళ్ల విషయంలో లెక్క కొంచెం చిత్రం. మొదటి పేరాలో వాళ్లు లోబడ్డవాళ్లు. రెండో పేరాలో విసిగి నడిచినవాళ్లు, అంటే సొంత నిర్ణయం ఉన్నవాళ్లు. రాజు మంచివాడా చెడ్డవాడా అన్నదానికంటే ఇది లోతైన తేడా అని నా అభిప్రాయం.

నిజమైన వైరుధ్యం ఒక్కటే: తప్పించుకోబోయాడా, కట్టేసి చంపారా? రెండూ ఒకేసారి నిజం కాలేవు. దీన్ని ఈ పేరాల్లోంచి తేల్చలేం. దానికి సాక్ష్యాలు బయట వెతకాలి. అడిగింది దృక్పథం గురించే అయితే తీర్పు చెప్పకుండా ఆగడమే సరైన జవాబు.

"మొదటి రచయిత సీతారామరాజును అవమానించాడు, రెండో రచయిత గౌరవించాడు" అనేది సగటు జవాబు. నేనైతే ఇలా రాస్తాను: "తిరుగుబాటుకు మూలం నాయకుడి ప్రభావమని మొదటి రచయిత అంటే, పాలనలోని అన్యాయమని రెండో రచయిత అంటాడు. 'లోబరుచుకున్నాడు', 'విసిగిన' అన్న మాటలే ఇందుకు ఆధారం." జవాబు సరిగా కుదిరిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. ఒక్క పేరా చదివినవాడు కూడా దాన్ని రాయగలిగితే అందులో పోలిక లేనట్టే.

"రెండో రచయితకు మొదటివాడు ఏమని బదులిస్తాడు?" అనేది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షమంటే ఇదే. సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి వాదాన్ని అతను ఒప్పుకునేంత బలంగా చెప్పాలి. ఇక్కడైతే మొదటివాడు, "కష్టాలుంటే ఉండనీ, ఠాణాల మీద పడటం దానికి మార్గమా?" అంటాడు. సర్కారు మీద ఎంత కోపమున్నా, జవాబులో ఆ గొంతు వినబడాలి.

ఈ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక్క మనవి. రెండు పేరాలతో ఆపకండి. 1929లో గాంధీజీ సీతారామరాజు సాహసాన్ని, త్యాగాన్ని మెచ్చుకుంటూనే ఆయుధ మార్గాన్ని ఒప్పుకోలేదు. ఆ మూడో దృక్పథాన్ని కూడా ఈ రెండిటి పక్కన ఉంచి, గాంధీజీ ఎవరితో ఎంతవరకు ఏకీభవిస్తాడో పిల్లల్ని అడగండి.