త్రిత్వాన్ని జవాబుతో మొదలుపెట్టకండి

కన్ఫర్మేషన్ తరగతులకు వచ్చే పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన నేర్పడం అంత కష్టం కాదు. చిక్కంతా త్రిత్వం దగ్గరే. ‘దేవుడు ఒక్కడే, అయినా ముగ్గురు వ్యక్తులు’ అని అందరూ తడుముకోకుండా చెబుతారు. ‘అయితే గెత్సెమనేలో యేసు ఎవరికి ప్రార్థించాడు?’ అని అడిగితే మాత్రం గది నిశ్శబ్దమైపోతుంది. పిల్లలు మందబుద్ధులని కాదు, విషయం మరీ లోతైనదనీ కాదు. మనం పాఠాన్ని తలకిందులుగా చెబుతున్నాం. తొలినాటి సంఘం మూడు వందల ఏళ్లకు పైగా పెనుగులాడి, 325లో నికైయలోనూ 381లో కాన్‌స్టాంటినోపుల్‌లోనూ తేల్చుకున్న జవాబును పిల్లల చేతిలో మొదటి రోజే పెడుతున్నాం. ఆ జవాబును పుట్టించిన ప్రశ్న మాత్రం వాళ్లకు ఎప్పుడూ ఎదురుకాదు. ప్రశ్న తెలియని పిల్లవాడికి ఆ జవాబు తప్పుగా వేసిన కూడికలాగే కనిపిస్తుంది.

ఆ కూడికను సరిచేయాలని మనం ఉపమానాల్ని ఆశ్రయిస్తాం. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది నీరు, మంచుగడ్డ, ఆవిరి. ఒకే పదార్థం, మూడు రూపాలు. పిల్లలు వెంటనే తలూపుతారు, అసలు ప్రమాదం ఆ తలూపడంలోనే ఉంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు యొర్దానులో బాప్తిస్మం పొందే ఘట్టాన్ని ఈ ఉపమానం పక్కన పెట్టి చూడండి. కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపిస్తోంది. మూడూ ఒకే క్షణంలో జరుగుతున్నాయి. గిన్నెలోని నీరు ఆవిరయ్యాక అది నీరుగా ఉండదు కదా. ఈ ఉపమానం నేర్పేది త్రిత్వాన్ని కాదు, ఒకే దేవుడు వేళను బట్టి వేషం మారుస్తాడన్న అభిప్రాయాన్ని. మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో ముడిపడిన బోధ అదే, సంఘం దాన్ని తోసిపుచ్చింది. సైన్సు బాగా చదివే పిల్ల ఒకతె లేచి, 0.01 డిగ్రీల సెల్సియస్ దగ్గర తగిన పీడనంలో మూడు స్థితులూ కలిసి ఉంటాయి కదా అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. అయితే అక్కడ కూడా మంచుగా ఉన్న భాగం వేరు, ఆవిరిగా ఉన్న భాగం వేరు. అంటే దేవుణ్ణి మూడు ముక్కలు చేసినట్టవుతుంది. ఒక పొరపాటు నుంచి తప్పించుకుని ఇంకో పొరపాటులో పడ్డాం.

మరి ఎలా మొదలుపెట్టాలి? మొదట ప్రశ్నను పిల్లల ముందుంచాలి. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం నాలుగో వచనం చదివించాలి. దేవుడు ఒక్కడేనన్న ఆ మాటను మార్కు పన్నెండో అధ్యాయంలో యేసే ప్రధానమైన ఆజ్ఞగా చెప్పిన చోటు కూడా చూపించాలి. ఆ తర్వాత యోహాను ఇరవయ్యో అధ్యాయంలో తోమా యేసును ఏమని పిలిచాడో చదివించి, ఒక్కడే దేవుడని నమ్మిన యూదుడు ఆ మాట ఎలా అనగలిగాడని అడగాలి. ఆ పైన యొర్దాను ఘట్టం. ఇక పిల్లలు తేల్చినవాటిని వాళ్ల చేతే బోర్డు మీద రాయించాలి: తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు, తండ్రి కుమారుడు కాడు, కుమారుడు ఆత్మ కాడు, ఆత్మ తండ్రి కాడు, దేవుడు ఒక్కడే. అగస్టీను కూడా ఈ విశ్వాసాన్ని దాదాపు ఇదే వరుసలో చెప్పాడు. ఈ ఏడు వాక్యాలు పిల్లల చేతికి పరీక్ష సాధనంలా పనికొస్తాయి. నీటి ఉపమానం నాలుగు, ఐదు, ఆరు వాక్యాల్ని చెరిపేస్తుందని వాళ్లే పట్టుకుంటారు. కుమారుణ్ణి తండ్రి సృష్టించాడన్న అలెగ్జాండ్రియా పెద్ద ఏరియస్ రెండో వాక్యాన్ని కొట్టేశాడనీ, నికైయ సభ జరిగింది అందుకేననీ అప్పుడు చెబితే చరిత్ర వాళ్లకు అర్థమవుతుంది.

చురుకైన పిల్లలు ఇక్కడితో ఆగరు, ఆగకూడదు కూడా. ‘ఏమిటి’ అన్న ప్రశ్నకు ఒకే దేవుడు, ‘ఎవరు’ అన్న ప్రశ్నకు ముగ్గురు. ఒకే అర్థంలో ఒకటీ మూడూ అనడం లేదు కాబట్టి ఇందులో వైరుధ్యం లేదు. ఇంతవరకు సరే. కానీ పేతురు, యాకోబు, యోహాను ముగ్గురిదీ ఒకే మానవ స్వభావం, అయినా వాళ్లను ముగ్గురు మనుషులంటాం. అలాంటప్పుడు ముగ్గురు దేవుళ్లు అనకూడదా? నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగొరీని అబ్లాబియస్ అడిగింది కచ్చితంగా ఇదే. ముగ్గురు మనుషులు ఒకే పని చేసినా ఎవరి పని వాళ్లదేనని ఆయన జవాబిచ్చాడు. దేవుని విషయంలో పనులు మూడు కావు: ప్రతి పనీ తండ్రి నుంచి బయలుదేరి, కుమారుని ద్వారా సాగి, ఆత్మలో నెరవేరే ఒకే పని. మన దగ్గర ఈ జవాబు మరీ అవసరం. తండ్రి సృష్టికర్త, కుమారుడు రక్షకుడు, ఆత్మ పవిత్రపరిచేవాడు అని పని పంచి చెప్పి వదిలేస్తే, స్కూల్లో స్నేహితులు అడిగే బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుల పోలికకు పిల్లల దగ్గర జవాబుండదు. ఆ పోలిక రెండు మతాలకూ న్యాయం చేయదు. సృష్టి కుమారుని ద్వారానే జరిగిందని యోహాను మొదటి అధ్యాయం చెబుతుంది, ఆదికాండం రెండో వచనంలోనే ఆత్మ నీళ్లపై ఉంది. ఈ రెండు చోట్లూ చూపిస్తే పంపకం సరికాదని పిల్లలకు తెలుస్తుంది.

పూర్వపు పెద్దలే ఉపమానాలు వాడారు కదా అని కొందరు పాస్టర్లు అనవచ్చు. నిజమే, టెర్టుల్లియన్ సూర్యుణ్ణీ కిరణాన్నీ చూపించాడు, ‘వెలుగు నుంచి వెలుగు’ అన్న మాట నికైయ విశ్వాస ప్రమాణంలోనే ఉంది. అయితే కిరణం సూర్యుడి నుంచి వచ్చినా దానికి పరాయిది కాదన్న ఒక్క అంశాన్ని నిలబెట్టడానికే వాళ్లు దాన్ని వాడారు, త్రిత్వమంతా అందులో ఇమిడిందని చెప్పలేదు. ఏడు వాక్యాలు వచ్చిన పిల్లలకు ఉపమానం ఇచ్చి, ఇది ఎక్కడ తెగుతుందో చెప్పమంటే మంచి అభ్యాసమే. ఇంకొందరు, ఇది మర్మం, నమ్మితే చాలు అంటారు. మర్మమేనని నేనూ నమ్ముతాను. కానీ దీని మీద పదిహేను పుస్తకాలు రాసిన అగస్టీను, ‘ముగ్గురు వ్యక్తులు’ అంటున్నది అంతా వివరించేశామని కాదు, బొత్తిగా మౌనంగా ఉండకూడదని, అని ఒప్పుకున్నాడు. ఆ మర్మం ఆలోచన చివర ఎదురుకావాలి గానీ ప్రశ్న అడిగిన పిల్లను కూర్చోబెట్టడానికి పనికిరాకూడదు. వ్యవధి లేదనే అభ్యంతరానికైతే, చెప్పినదంతా రెండు తరగతుల్లో అవుతుంది.

అర్థమైందో లేదో కంఠస్థం చెప్పించి తెలుసుకోలేం. ప్రార్థనలో తెలుస్తుంది. ‘తండ్రీ, మా కోసం సిలువ మీద ప్రాణం పెట్టినందుకు స్తోత్రం’ అని యూత్ మీటింగుల్లో ఎంత తేలిగ్గా అనేస్తారో అందరికీ తెలుసు. సిలువ మీద చనిపోయింది తండ్రి కాదు, కుమారుడు. ప్రాక్సియస్ బోధకు టెర్టుల్లియన్ అభ్యంతరం చెప్పింది సరిగ్గా ఈ పొరపాటు మీదే. అందుకే పాస్టరు గారికి, సండే స్కూలు అక్కలకు, అన్నలకు నా విన్నపం: బిషప్పు గారు పిల్లల తలల మీద చేతులుంచే ఆదివారానికి ఒక వారం ముందు, తండ్రిని ఉద్దేశించి, కుమారుని ద్వారా, పరిశుద్ధాత్మలో ఐదు వరుసల ప్రార్థన ఒక్కొక్కరి చేతా రాయించండి. మార్కులు వేయకండి. వరుసలు ఎక్కడ తారుమారయ్యాయో ఆ పిల్లతో, ఆ పిల్లవాడితో కూర్చుని, బోర్డు మీది ఏడు వాక్యాల్లో ఏది జారిపోయిందో కలిసి వెతకండి.