మూడింట రెండు గెలిచినవాడు

ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఒక కథ. చాట్రాయి నుంచి వచ్చింది. రాసిన కుర్రాడు ఎవరో నాకు తెలియదు. కానీ కథలో మామిడి తోటలు, నూజివీడు బస్సు, సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర దుమ్ము ఉన్న తీరు చూస్తే ఆ ఊరివాడేనని తెలుస్తోంది. కథానాయకుడు యువ ఇంజనీరు. హైదరాబాద్‌లో ఉద్యోగం, క్రికెట్ మీద పందేలు. ఏడాది పొడుగునా కాసిన ప్రతి పందేన్నీ కంప్యూటర్లో పట్టీ కట్టి పెట్టుకుంటాడు. డిసెంబరు 31 రాత్రి ఆ పట్టీ కింద మొత్తం చూసుకుంటాడు. నష్టం! కళ్ళు తెరుచుకుంటాయి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తాడు. అమ్మకు ఫోన్ చేస్తాడు. అక్కడితో కథ కంచికి.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా మొండితనం కొత్త కాదు. కథలో పదికి మించిన అంకె కనబడితే నా చెయ్యి ఎర్ర పెన్ను వైపు పోతుంది. ఈ కుర్రాడైతే కథ మధ్యలో ఏకంగా ఒక పట్టికనే పెట్టాడు! మొత్తం పందేలు 240, గెలిచినవి 160, ఓడినవి 80, సగటు రేటు 1.40. మధురవాణి ఇంట్లో పేకాట రంగం రాసేటప్పుడు గురజాడ పట్టికలు వేశాడా? ఆట ఎవరిదో, డబ్బు ఎవరిదో, బుద్ధి ఎవరిదో అంతా మాటల్లోనే తేల్చాడు. 'పట్టిక తీసెయ్యి నాయనా' అని జవాబు రాయడానికి కూర్చున్నాను.

కూర్చున్నాక, కొట్టేసేముందు ఆ అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామనిపించింది. 240కి 160 గెలుపులంటే మూడింట రెండు. మూడు పందేల్లో రెండు గెలిచేవాడు నష్టపోవడమేమిటి? కుర్రాడు కూడిక తప్పాడనుకున్నాను. తప్పలేదు.

రేటు 1.40 అంటే వంద కాస్తే, గెలిచినప్పుడు చేతికి వచ్చేది 140. అంటే లాభం 40. ఓడితే మాత్రం వందా పోతుంది. గట్టి జట్టు మీద కాసేవాడికి ఇలాంటి రేటే దొరుకుతుంది. అయిదుసార్లు గెలిస్తే 200 వస్తుంది, రెండుసార్లు ఓడితే ఆ 200 పోతుంది. ఏడింట అయిదు గెలిస్తేగాని పెట్టింది పెట్టినట్టు చేతికి రాదు. మన ఇంజనీరు మూడింట రెండు గెలిచాడు. అంటే 21 పందేలకు 14. సరిసమానంగా బయటపడాలంటే 15 గెలవాలి. 21 పందేలకు ఒక్క గెలుపు తక్కువ, అంతే తేడా. పందేనికి 500 చొప్పున లెక్కేస్తే 160 గెలుపులకు 32,000 లాభం, 80 ఓటములకు 40,000 నష్టం. ఏడాదికి 8,000 పోయింది.

ఈ ఒక్క గెలుపు ఎక్కడికి పోయిందన్నది పందేలు నడిపేవాడి విద్య. రెండు జట్లూ సమ ఉజ్జీలైతే న్యాయంగా రెండింటికీ రేటు 2.00 ఉండాలి. వాడు రెండింటికీ 1.90 ఇస్తాడు. ఒకడు అటు వంద, ఇంకొకడు ఇటు వంద కాస్తే, గెలిచినవాడికి 190 ఇచ్చి పది తన దగ్గర ఉంచుకుంటాడు. ఆటలో ఎవరు గెలిచినా ఆ పది వాడిదే. అంచేత సగానికి సగం సరిగ్గా చెప్పేవాడు కూడా మునుగుతాడు. నూటికి 53 సరిగ్గా చెప్పగలిగితేనే ఒడ్డున పడతాడు. ఒకవేళ ఎవడైనా నిజంగానే అంత చెప్పగలిగాడనుకోండి, వాడు కాయగలిగే మొత్తానికి పరిమితి పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే.

ఇప్పుడు కథలోకి వద్దాం. ఇంజనీరన్నవాడు పట్టీ కింద మొత్తం గడి పెట్టకుండా ఏడాది గడుపుతాడా? మూడో నెలకే ఆ గడి ఎర్రబడి ఉంటుంది. డిసెంబరు 31 దాకా చూడలేదంటే నేను నమ్మను. నమ్మాలంటే ఒక్కటే దారి. వాడు పట్టీలో గెలుపు, ఓటమి అని మాత్రమే రాసుకున్నాడు. ఎంత కాశాడు, ఎంత వచ్చింది అన్న గడులు లేవు. అప్పుడు ప్రతి ఆదివారం వాడు తెరిచినప్పుడల్లా దాదాపు 67 శాతం కనిపిస్తుంది. పరీక్షల్లో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాడికి ఆ అంకె చూస్తే ఎంత ధైర్యం! 'నేను ఎక్కువగా గెలుస్తాను' అని వాడు స్నేహితులతో అన్న మాట అబద్ధం కాదు. వాడి జ్ఞాపకమూ తప్పు కాదు. లెక్కపెట్టిన వస్తువే వేరు.

మా మేనమామ దగ్గర ఇలాంటి పుస్తకమే ఒకటి ఉండేది. ఆయన నూజివీడు, చాట్రాయి చుట్టుపక్కల పూత మీద తోటలు పట్టుకునేవాడు. చెట్టుకు కాయ రాకముందే రైతుకు ఇంత అని మాట్లాడుకుని, ఆపైన వచ్చే కాపంతా తనదే, దెబ్బా తనదే. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, జ్యూసు ఫ్యాక్టరీలకు పోయే కలెక్టరు కాయ. తోటలో ఒక్కసారి అటూ ఇటూ నడిచి, తల పైకెత్తి చూసి ఎన్ని టన్నులు దిగుతుందో చెప్పేవాడు. ఆ కన్ను నిజంగానే మంచి కన్ను. నాలుగు ఏళ్ళకు మూడేళ్ళు ఆయన చెప్పినంత దిగేది.

ఆయన పుస్తకంలో ఎడమ పేజీ రైతుకు ఇచ్చింది, కుడి పేజీ నున్న మార్కెట్లో వచ్చింది. కుడి పేజీ ఎప్పుడూ పెద్దదే. భోజనాల దగ్గర ఆ పుస్తకం తెప్పించి మా నాన్నకు చూపించేవాడు. 'చూడండి బావగారూ, ఈ ఏడూ మిగిలింది' అనేవాడు. తేనెమంచు పురుగుకు కొట్టించిన మందు, కాపలావాళ్ళ జీతం, కోత కూలి, లారీ బాడుగ, మార్కెట్లో తీసిన తరుగు, తెచ్చిన అప్పుకు వడ్డీ ఏ పేజీలోనూ ఉండేవి కావు. అవన్నీ 'మామూలు ఖర్చులు'. ఇంకో సంగతి. ఏప్రిల్‌లో గాలివాన కొట్టి కాయంతా నేలపాలైన ఏడు పుస్తకంలోనే లేదు. 'అది దేవుడి పని, మనం తప్పు లెక్కేసింది కాదుగా' అనేవాడు. పందెంగాళ్ళు కూడా ఆఖరి బంతికి ఓడిన మ్యాచ్‌ని ఇలాగే పక్కన పెడతారు. అది తమ ఓటమి కాదట, అంపైరుదో వానదోనట.

అసలు లెక్క మా అత్తయ్య దగ్గర ఉండేది. అది పుస్తకం కాదు, బంగారం తాకట్టు రసీదుల కట్ట. ఆ కట్ట ఏ ఏడూ సన్నబడలేదు. మావయ్య పుస్తకం ఎంత లాభం చూపించినా, అత్తయ్య చేతి గాజులు మాత్రం వెనక్కి రాలేదు. ఒక్క మాట మావయ్య తరఫున చెప్పాలి: ఆయన పందెంలో చివరికి ఎవరో ఒకరు మామిడిపండు తిన్నారు.

ఈ ఇంజనీరుకు అత్తయ్య రసీదుల్లాంటిది బ్యాంకు స్టేట్‌మెంటు. ఏడాదిలో పందేలకు పోయిందెంత, తిరిగి వచ్చిందెంత, రెండూ తీసివేస్తే పట్టీతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ తేడా అంతా రాయని పందేలే. అర్ధరాత్రి ఓడి, కసి కొద్దీ వెంటనే కాసి, పొద్దున్నే రాయడానికి సిగ్గుపడ్డవి. ఆన్‌లైన్ పందేలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అంచేత ఇలాంటి డబ్బు సొంత పేరు మీద తిన్నగా పోదు. స్నేహితుడి ఖాతాకో, ఎవరో చెప్పిన నంబరుకో పోతుంది. స్టేట్‌మెంటులో అవి చేబదుళ్ళలా కనిపిస్తాయి. కథకుడికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?

కాసిన మొత్తం గడి కూడా పెడితే కథ ఇంకా లోతుకు పోతుంది. గెలిచిన పందేల సగటు 450, ఓడిన పందేల సగటు 650 అనుకుందాం. అదే 160, అదే 80. లాభం 28,800, నష్టం 52,000. ఎనిమిది వేలు పోవాల్సిన చోట 23,200 పోతుంది. ఓడిన పందేలు ఎందుకు పెద్దవి? పోయింది రాబట్టాలని మొత్తం పెంచిన ప్రతిసారీ ఆలోచన తగ్గింది కాబట్టి. వాడి కోపం ఆ గడిలో రూపాయల్లో రాసి ఉంటుంది. ఏ సంభాషణలోనూ వాడు ఒప్పుకోనిది అక్కడ ఒప్పుకుంటాడు.

ఇంకో చిక్కు ఉంది, కుర్రాడు దాన్ని తాకలేదు. ఒక్క ఏడాది లెక్క అంత నమ్మదగ్గ సాక్షి కాదు. ఇలాంటి రేట్లకే, ఏ నేర్పూ లేకుండా, ఒకే మొత్తంతో 240 పందేలు కాసేవాళ్ళను ఎనిమిది మందిని తీసుకుంటే, కేవలం అదృష్టం కొద్దీ వాళ్ళలో దాదాపు ఒకడు లాభంతో బయటపడతాడు. చాట్రాయి సెంటర్లో టీ కొట్టు దగ్గర మిగతా ఏడుగురూ వాడి మాటే వింటారు. నేర్పుందో లేదో త్వరగా తేల్చేది ఇంకో గడి: కాసినప్పుడు రేటెంత, ఆట మొదలయ్యేసరికి రేటెంత. 1.40కి కాసింది ఆటవేళకు 1.33కి దిగితే, అందరికన్నా ముందే చూశాడన్నమాట. తరచూ 1.45కి పెరుగుతుంటే, లాభం కనిపించినా వాడిది గుడ్డి అదృష్టం.

ఇంత లెక్క వేసుకున్నాక ఎర్ర పెన్ను పక్కన పెట్టాల్సి వచ్చింది. అసలు మనకున్న అతి పెద్ద జూదం కథ ఏమిటి? భారతంలో సభాపర్వం. అదీ పట్టీయే కదా! మణులు, రథం, ఏనుగులు, గుర్రాలు, రాజ్యం, తమ్ములు, తను, ద్రౌపది. ఒక పందెం తర్వాత ఒక పందెం వరసగా చెబుతారు. ఒక్కటి తీసేసినా తర్వాతది ఎందుకు అంత పెద్దదైందో అర్థం కాదు. ఆ వరసే కథ. ఇక ఆఖరు సంగతి. ద్రౌపది వరాలతో భర్తలకు విడుదల దొరికింది, పోయిన రాజ్యమూ సంపదా ధృతరాష్ట్రుడు వెనక్కి ఇచ్చేశాడు. ఎంత పోయిందో ఎలా పోయిందో ధర్మరాజుకు అణువణువూ తెలుసు. అయినా రెండోసారి పిలవగానే వచ్చి కూర్చున్నాడు.

కాబట్టి చాట్రాయి కుర్రాడికి నా జవాబు ఇది. పట్టిక తియ్యకు. కాసిన మొత్తం గడి చేర్చు, రాయని పందేలు బ్యాంకు కాగితంలో బయటపడనివ్వు. తీసెయ్యాల్సింది ఆఖరి పేజీ. నష్టం కనిపించగానే మానేసేవాడైతే మార్చిలోనే మానేసేవాడు. నీ ఇంజనీరు జనవరి 1న కొత్త పట్టీ తెరుస్తాడు, ఈసారి గడులు ఎక్కువ పెడతాడు. అలా తిరగరాసి పంపు, చదువుతాను.